అపరిచితులకు వ్రాసే లేఖలో కోరిక ఒక్కటే ఉండాలి

లేఖలు వ్రాసే అలవాటు మన విద్యార్థులలో నశించిపోయినదని పెద్దలు తరచుగా వాపోతుంటారు. ఆ మాట పూర్తిగా నిజం కాదు. కార్డులు, కవర్లు తగ్గినవి గాని లేఖలు తగ్గలేదు. డిగ్రీ చివరి సంవత్సరంలోకి వచ్చిన ప్రతి విద్యార్థీ ఈనాడు ఏదో ఒక అవసరం కొద్దీ, తాను ముఖమైనా చూడని ఒక ప్రొఫెసరుకో, అధికారికో, పరిశోధకునికో ఈ-మెయిలు వ్రాస్తూనే ఉన్నాడు. ఒకరికి ప్రాజెక్టు పనికి సమాచారం కావాలి. మరొకరికి వేసవి సెలవులలో బెంగుళూరులోని ఒక ప్రయోగశాలలో చోటు కావాలి. ఇంకొకరికి తమ ఊరి చరిత్రను గురించిన ఒక సందేహం తీరాలి.

ఈ లేఖలలో చాలావాటికి జవాబు రాదు. జవాబు రానప్పుడు మన పిల్లలు ఒక నిర్ణయానికి వస్తారు. "మనది కుప్పం, మనది చిన్న కళాశాల, మన పేరూ ఊరూ చూసి ప్రక్కన పెట్టినారు" అని. ఈ అనుమానం అన్ని సందర్భాలలోనూ అబద్ధమని చెప్పే ధైర్యం నాకు లేదు. లోకంలో పక్షపాతం ఉన్నది. కాని జవాబు రాని లేఖలను తీసి చదివి చూస్తే, అంతకంటె ముందుగా కంటబడే కారణం మరొకటి ఉన్నది. ఆ లేఖలలో జవాబు చెప్పదగిన ప్రశ్నే ఉండదు. ఒక్కొక్క దానిలో నాలుగైదు కోరికలుంటాయి. లేదా కోరిక ఉన్నట్లే ఉండి, అది ఏమిటో తేలదు. పక్షపాతాన్ని మనం ఒక్కరోజులో తొలగించలేము. ఈ రెండవ కారణాన్ని మాత్రం ఒక్క సాయంకాలంలో తొలగించుకోవచ్చు. అందుకే దానిని గురించి ఇక్కడ వ్రాస్తున్నాను.

తీరిక లేని వ్యక్తి అపరిచితుని లేఖను ఎట్లా చదువుతాడో ముందుగా ఆలోచించాలి. అతడు తరగతికి పోతూనో, సమావేశం నుండి వస్తూనో, చేతిలోని ఫోను తెరపై దానిని చూస్తాడు. మొదట కనబడేది లేఖ విషయాన్ని తెలిపే పంక్తి. దాని క్రింద లేఖలోని మొదటి కొన్ని మాటలు. లేఖను తెరచిన తరువాత అతని మనస్సులో లేచే ప్రశ్న ఒక్కటే: "నేనిప్పుడు ఏమి చేయాలి?" దానికి సమాధానం వెంటనే దొరికి, ఆ పని తన చేతిలోనిదైతే, అక్కడే నిలబడి జవాబు వ్రాసివేస్తాడు. దొరకకపోతే "తీరికగా చూద్దాము" అనుకొని మూసివేస్తాడు. అతడు కాదనలేదు, కోపగించుకోలేదు, వాయిదా వేసినాడు, అంతే. మరునాటికి ఆ లేఖపైన మరి యాభై లేఖలు వచ్చి కూర్చుంటాయి. మన పిల్లలు తిరస్కారమని భావించే మౌనం చాలావరకు ఈ వాయిదాయే.

"దయచేసి నాకు మార్గదర్శనం చేయండి" అనే వాక్యాన్ని ఉదాహరణగా తీసుకుందాము. వినడానికి ఎంతో వినయంగా ఉన్న మాట. కాని దీనికి "అట్లాగే" అని జవాబు వ్రాసినందువల్ల ఏమీ జరుగదు. అటు తరువాత ఏ విషయంలో మార్గం చూపాలో, ఎంతవరకు చూపాలో, ఏ పుస్తకం చెప్పాలో, ఏ ఊరికి పొమ్మనాలో అంతా చదివినవాడే ఊహించుకోవాలి. అడిగినవాడు చేయవలసిన ఆలోచననంతా అడిగించుకున్నవాని నెత్తిన పెట్టినట్లయినది. దీనికి భిన్నంగా, "మీరు ఉదహరించిన గ్రంథం రెండవ సంపుటం మీ గ్రంథాలయంలో ఉన్నదా?" అన్న ప్రశ్నకు "ఉన్నది" అన్న ఒక్క మాట చాలు. రెండవ లేఖ వ్రాసినవాడు మొదటివానికంటె తక్కువ వినయం చూపినవాడేమీ కాదు. ఎదుటివాని పనిని కొంత తానే చేసిపెట్టినాడు. నా దృష్టిలో నిజమైన వినయం అదే.

ఈ లోపానికి మన సంప్రదాయంలో కూడ కొంత మూలమున్నది. తెలుగులో "మహారాజశ్రీ" అని మొదలుపెట్టి, "ఉభయకుశలోపరి" అని క్షేమసమాచారాలు ముగించిన తరువాత గాని అసలు సంగతికి వచ్చేవారు కాదు. ఉర్దూలోనూ అల్కాబ్, ఆదాబ్ అనే సంబోధనా మర్యాదలకే సగం కాగితం సరిపోయేది. ఆ పద్ధతిని మార్చివేసి, లేఖను ఎదుట కూర్చున్న మనిషితో సంభాషణగా దిద్దినవాడు మీర్జా గాలిబ్. 19వ శతాబ్దంలో ఆయన వ్రాసిన ఉర్దూ లేఖలు నేటికీ మన ఉర్దూ తరగతులలో గద్యానికి నమూనాలుగా నిలుస్తున్నవి. బంధుమిత్రులకు వ్రాసే లేఖలో కుశలప్రశ్న అందమే. కాని పరిచయం లేనివాని క్షేమాన్ని మూడు వాక్యాలలో విచారించడం మర్యాద కాదు. అతని కాలాన్ని తీసుకోవడం. "అయ్యా, నమస్కారం" అన్నది చాలు.

ఒకే కోరికతో అపరిచితునికి వ్రాసిన లేఖ ఏమి సాధించగలదో తెలుసుకోవడానికి మన దేశంలోనే ఒక ప్రసిద్ధమైన దృష్టాంతమున్నది. 1924లో సత్యేంద్రనాథ్ బోసు ఢాకా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధిస్తున్నారు. వయస్సు ముప్పది సంవత్సరాలు. ప్లాంక్ నియమాన్ని పాత విద్యుత్ సిద్ధాంతం మీద ఆధారపడకుండా నిరూపించే క్రొత్త మార్గం ఆయనకు దొరికినది. ఆ వ్యాసాన్ని ఆ సంవత్సరం జూన్ 4వ తేదీన ఒక చిన్న లేఖతోపాటు బెర్లిన్‌లోని ఐన్‌స్టయిన్‌కు పంపినారు. అప్పటికి ఐన్‌స్టయిన్ నోబెల్ బహుమతి అందుకొన్నవాడు. ఆయనకు ప్రపంచం నలుమూలల నుండి లేఖలు వచ్చి పడుతుండేవి.

ఆ లేఖలో ఉన్న అంగాలను విడదీసి చూస్తే మన విద్యార్థులకు నేర్చుకోదగినది ఎంతో కనబడుతుంది. వ్యాసం పంపుతున్నానని చెప్పినారు. అందులో క్రొత్తగా సాధించినదేమిటో ఒక్క వాక్యంలో తెలిపినారు. తరువాత కోరిక: ఇది అచ్చుకు తగినదని మీకు తోచినట్లయితే, ఫలానా జర్మన్ పత్రికలో ప్రచురణకు ఏర్పాటు చేయగలరా? పత్రిక పేరు కూడ స్పష్టంగా చెప్పినారు. తనకు ఆ వ్యాసాన్ని అనువదించేటంత జర్మన్ భాష రాదని, అందుకే ఈ సహాయం అడుగుతున్నానని కారణం చూపినారు. చివరకు తానెవరో తెలుపడానికి, సాపేక్షతా సిద్ధాంతంపై మీ వ్యాసాలను ఆంగ్లంలోకి అనువదించడానికి కలకత్తా నుండి అనుమతి కోరగా మీరు ఇచ్చినారు, ఆ అనువాదకులలో నేనొకణ్ణి అని గుర్తు చేసినారు. అంతే. ఉద్యోగం అడుగలేదు; జర్మనీకి పిలువుమనలేదు; తన కష్టాలు చెప్పుకోలేదు.

ఐన్‌స్టయిన్ స్వయంగా ఆ వ్యాసాన్ని జర్మన్ భాషలోకి అనువదించి, దాని విలువను గురించి తన మాటగా ఒక చిన్న గమనికను చేర్చి, ఆ పత్రికకే పంపినారు. జూలై 2వ తేదీన బోసుకు ఒక పోస్టుకార్డు వ్రాసినారు. వ్యాసం అదే సంవత్సరం వెలువడినది. బోసు-ఐన్‌స్టయిన్ గణాంకం అని నేటికీ భౌతికశాస్త్ర విద్యార్థులు చదివే దానికి అది మొదలు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. బోసు అడిగిన సహాయం చిన్నది కాదు. ఒక శాస్త్రవ్యాసాన్ని చదివి, తూచి, అచ్చు వేయించడమంటే రోజుల పని. కాబట్టి "ఒకే కోరిక" అంటే "చిన్న కోరిక" అని అర్థం చేసికోరాదు. కోరిక పెద్దదైనా దాని సరిహద్దులు కనబడుతుండాలి. ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, ఏమి చేస్తే పూర్తి అయినట్లో చదివినవానికి తెలియాలి. మరొక విశేషం "మీకు తోచినట్లయితే" అన్న షరతు. దానివల్ల కాదనడానికి కూడ గౌరవప్రదమైన దారి మిగిలినది. కాదనడానికి దారి ఉన్నచోటనే ఔననడం కూడ సులభమవుతుంది.

మూడవ విశేషం అన్నిటికంటె ముఖ్యమైనది. ఐన్‌స్టయిన్ వ్రాసిన ఆ పోస్టుకార్డును చూపిన తరువాత ఢాకా విశ్వవిద్యాలయం బోసుకు రెండేండ్లు ఐరోపాకు పోవడానికి సెలవు మంజూరు చేసినది. మొదటి లేఖలో ఆయన అడుగనిది, మొదటి కోరిక నెరవేరినందువల్ల దానంతట అది వచ్చినది. ఒక లేఖలో ఐదు కోరికలు పెట్టేవారు, మొదటిది నెరవేరితే మిగిలిన వాటికి దారి తెరుచుకుంటుందన్న సంగతిని మరచిపోతున్నారు.

దీనికి మరొక ప్రసిద్ధ ఉదాహరణతో ఎదురువాదం చేయవచ్చు. శ్రీనివాస రామానుజన్ 1913 జనవరిలో మదరాసు నుండి కేంబ్రిడ్జిలోని హార్డీకి వ్రాసిన లేఖలో నూటికి పైగా సిద్ధాంతాలు క్రిక్కిరిసి ఉన్నవి. అవి చదవడానికే గంటలు పట్టవలసిన లేఖ. అయినా హార్డీ జవాబు వ్రాసినాడు కదా అనవచ్చు. నిజమే. కాని అంతకు ముందు కేంబ్రిడ్జిలోనే మరి ఇద్దరు పేరు పొందిన గణితజ్ఞులకు రామానుజన్ వ్రాసినారనీ, వారివల్ల ఏ ఫలితమూ కలుగలేదనీ కూడ మరువరాదు. హార్డీ ఒక సాయంకాలం తన మిత్రుడు లిటిల్‌వుడ్‌తో కూర్చుండి ఆ కాగితాలను పరిశీలించకపోయినట్లయితే ఏమయ్యేదో ఊహించడానికే భయం కలుగుతుంది. రామానుజన్ అంతటి మేధస్సు ఉన్నవానికే ముగ్గురిలో ఒక్కరు దొరికినారు. మనవంటి సామాన్యులు ఎదుటివాని ఓపిక మీద అంత భారం వేయడం వివేకం కాదు.

ఇప్పుడు మన ప్రాంతానికి తగిన ఒక ఉదాహరణను మొదటి నుండి చివరి వరకు పరిశీలిద్దాము. చరిత్ర చదివే ఒక విద్యార్థిని ఉన్నదనుకుందాము. పుంగనూరు ప్రాంతంలోని ఒక పాత మసీదు ద్వారం మీద పారశీక లిపిలో మూడు పంక్తుల రాతిపలక ఆమె కంట పడినది. దానిని గురించి ప్రాజెక్టు వ్రాయదలచినది. భారత పురాతత్త్వ సర్వేక్షణ సంస్థలో అరబ్బీ, పారశీక శాసనాలను పరిశీలించే విభాగం నాగపూరులో ఉన్నది. సంస్కృత, ద్రావిడ భాషల శాసనాలను చూసేది మైసూరులో ఉన్నది. ఈ తేడా తెలియక మైసూరుకు వ్రాస్తే, అక్కడివారు ఎంత మంచివారైనా ఔననలేరు. కాబట్టి మొదటి మెట్టు, అడిగినది చేయగల మనిషి ఎవరో తెలుసుకోవడం. తన అధికారంలో లేనిదానికి ఎవరూ ఔననలేరు.

ఆమె వ్రాసిన మొదటి చిత్తుప్రతి ఈ విధంగా ఉండవచ్చు: తనను పరిచయం చేసుకోవడం, కళాశాల చరిత్ర, చిన్ననాటి నుండి చరిత్ర మీద గల అభిరుచి, తరువాత శాసనాన్ని పూర్తిగా చదివి పెట్టమని, దానిని వేయించినవాని చరిత్ర తెలుపమని, ఈ ప్రాంతంపై గల పుస్తకాల పట్టిక పంపమని, శాసనశాస్త్రంలో ఉద్యోగావకాశాలు ఎట్లా ఉన్నవో చెప్పమని, వీలైతే కళాశాలకు వచ్చి ప్రసంగించమని. ఐదు కోరికలు. వీటిలో మొదటిదానికే ఒక నిపుణుడు రాతి మీది అచ్చుప్రతిని, అంటే తడి కాగితాన్ని రాతికి అద్ది సిరా పూసి తీసే ప్రతిని, ముందు పెట్టుకొని కూర్చోవాలి. ఛాయాచిత్రం చూసి పూర్తి పాఠం చెప్పడానికి బాధ్యత గల ఏ నిపుణుడూ సాహసించడు. కాబట్టి ఐదింటికీ కలిపి వచ్చే జవాబు మౌనమే.

అయితే ఆమె ఏమి చేయాలి? మొదట తాను చేయగలిగినదంతా చేయాలి. ఉర్దూ చదివిన పిల్ల కాబట్టి మొదటి పంక్తి కలిమా అని గుర్తించగలదు. రెండవ పంక్తిలో కట్టించినవాని పేరును అక్షరం అక్షరం కూడబలుక్కొని చదువగలదు. మూడవ పంక్తి చివర హిజ్రీ సంవత్సరం అంకెలలో ఉన్నది. మొదటి రెండు అంకెలు ఒకటి, ఒకటి, చివరిది నాలుగు. నడుమ ఉన్న మూడవ అంకె అరిగిపోయి, రెండో మూడో తేలడం లేదు. ఉర్దూ అంకెలు వ్రాయడం తెలిసినవారికి ఈ చిక్కు వెంటనే అర్థమవుతుంది. రెండుకు మూడుకు తేడా పైభాగంలోని ఒక్క పన్ను మాత్రమే. రాయి అరిగితే మొదట మాయమయ్యేది ఆ పన్నే. హిజ్రీ 1124 అయితే అది చాలావరకు 1712వ సంవత్సరం. 1134 అయితే 1721-22. ప్రాజెక్టులోని కాలనిర్ణయమంతా ఆ ఒక్క పన్ను మీద నిలిచి ఉన్నది.

అడుగడానికి ముందు ఇంకొక పరీక్ష ఉన్నది. ఇటువంటి పలకలలో కొన్నింటిపై సంవత్సరాన్ని అంకెలతోపాటు, అక్షరాలకు అబ్జద్ విలువలు కట్టి కూడితే వచ్చేటట్లుగా ఒక వాక్యంలో కూడ ఇముడుస్తారు. అటువంటి వాక్యం ఉన్నట్లయితే ఆమె తానే కూడి చూసికొని సందేహం తీర్చుకోవచ్చు. లేఖే అవసరం లేదు. లేదని తేలిన తరువాతనే ఆ ఒక్క అంకె నిజమైన ప్రశ్న అవుతుంది. ఈ విధంగా తన పని తాను చేసికొంటూ పోతే, చివరకు మిగిలేది సాధారణంగా ఒక్క ప్రశ్నే. చాలా లేఖలలో కోరికలు ఎక్కువగా ఉండడానికి కారణం అవసరాలు ఎక్కువ కావడం కాదు. వ్రాసినవారు తమ పనిని సగంలో వదలివేయడం.

ఇక లేఖ. ఇంగ్లీషులో వ్రాసినా ఉర్దూలో వ్రాసినా దీని రూపం ఇదే:

"విషయం: పుంగనూరు ప్రాంతపు పారశీక ఫలకం, తేదీలో మూడవ అంకె రెండా, మూడా?

అయ్యా, నమస్కారం. జతపరచిన ఛాయాచిత్రంలో, మూడవ పంక్తి చివరనున్న హిజ్రీ సంవత్సరంలో, ఎడమనుండి మూడవ అంకె రెండా, మూడా దయతో తెలుపగలరా? మిగిలిన మూడు అంకెలను 1, 1, 4 అని చదివినాను. ఫలకంపై అబ్జద్ వాక్యం లేదు. నేను కుప్పంలో బి.ఏ. చరిత్ర చదువుతున్నాను, ఈ మసీదుపై ప్రాజెక్టు వ్రాస్తున్నాను. ఛాయాచిత్రం నుండి తేల్చడానికి వీలు కాకపోతే, 'వీలు కాదు' అన్న ఒక్క మాట వ్రాసినా నాకు ఉపయోగమే."

క్రింద పేరు, తరగతి, కళాశాల. అంతకు మించి అవసరం లేదు. విషయ పంక్తిలోనే ప్రశ్న ఉన్నది. లేఖను తెరువకముందే నిపుణునికి పని ఏమిటో తెలిసినది. మొదటి వాక్యంలో అదే ప్రశ్న పూర్తిగా ఉన్నది. తరువాతి వాక్యాలన్నీ ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి కావలసినవే గాని వేరు కాదు. తానెవరో చివర ఒక వాక్యంలో చెప్పినది. జవాబు మూడు విధాలుగా ఉండవచ్చు: రెండు, మూడు, వీలు కాదు. మూడింటిలో ఏదైనా నిలబడి ఫోనులో వ్రాయదగినదే.

ఛాయాచిత్రం కూడ కోరికలో భాగమే. ఎనిమిది బొమ్మలు పంపితే ఏది చూడాలో మరల అతడే వెదుక్కోవాలి. ఒక్కటి చాలు. ఎండ నిటారుగా పడే మధ్యాహ్నం కాక, వెలుతురు ప్రక్కనుండి పడే ఉదయమో సాయంకాలమో తీయాలి. లేదా చీకటిలో టార్చిని ప్రక్కనుండి పట్టి తీయాలి. అప్పుడు అక్షరాల నీడలు పడి గీతలు తేలుతాయి. అక్షరాలు స్పష్టంగా కనబడాలని సుద్దముక్కతో దిద్దరాదు. దిద్దినట్లయితే నిపుణుడు చూసేది రాతి మీది అంకెను కాదు, మన ఊహను. పక్కన ఒక స్కేలు పెట్టి తీస్తే పరిమాణం కూడ తెలుస్తుంది.

"ఒకే కోరిక" అని పైకి కనబడుతూ లోపల అట్లా కాని లేఖలు కూడ ఉన్నవి. "మీతో పదిహేను నిమిషాలు ఫోనులో మాట్లాడవచ్చునా?" అన్నది అందులో మొదటిది. ఇందులో కోరిక ఒక్కటే. కాని ఎందుకో చెప్పలేదు. ఆ పదిహేను నిమిషాలలో ఏమి అడుగుతారో తెలియక ఎదుటివాడు జంకుతాడు. ఫోనులో అడుగదలచిన ప్రశ్ననే లేఖలో అడిగివేస్తే సగం సందర్భాలలో ఫోను అవసరమే ఉండదు. రెండవది "ఇది గాని, అది గాని, లేక మీకు తోచిన మరేదైనా గాని" అనే లేఖ. ఎదుటివానికి వెసులుబాటు ఇచ్చినామని మనం అనుకుంటాము. నిజానికి ఎన్నుకొనే పనిని కూడ అతనికే అప్పగించినాము. మూడవది ఒకే లేఖను పదిమందికి కలిపి పంపడం. మిగిలిన తొమ్మిదిమందిలో ఎవరో ఒకరు జవాబు చెబుతారులే అని ప్రతి ఒక్కరూ ఊరుకుంటారు. ఒక్కరికి వ్రాసి, కొన్నాళ్ళు వేచి, ఆపైన మరొకరికి వ్రాయడమే మేలు.

పెద్ద కోరికలున్నవారు ఏమి చేయాలన్న ప్రశ్న సహజంగా వస్తుంది. ప్రయోగశాలలో వేసవి శిక్షణ కావాలనుకున్న విద్యార్థి అంకె వంటి ప్రశ్న అడుగలేడు కదా? అడుగలేడు, కాని తన పెద్ద కోరికలో మొదటి మెట్టు ఏదో చూసుకోగలడు. "నాకు శిక్షణ, వసతి, భృతి, ధ్రువపత్రం ఇప్పించండి" అంటే అందులో వసతి ఒకరి చేతిలోనిది, భృతి మరొకరి చేతిలోనిది. ప్రొఫెసరు ఔనన్నా అన్నింటికీ ఔననలేడు. అందుకని దేనికీ అనడు. "మే 5 నుండి జూన్ 15 వరకు ఆరు వారాలు, ఏ భృతీ లేకుండ, మీ ప్రయోగశాలలో పని నేర్చుకోవడానికి ఈ వేసవిలో ఒకరికి చోటు ఉన్నదా?" అన్నది అతని చేతిలోని సంగతి. ఉన్నదంటే దరఖాస్తు, వసతి వగైరాలు తరువాతి లేఖలో. ఐతే ఒక హెచ్చరిక: చోటు దొరికిన తరువాత భృతి లేనిదే రాలేనని చెప్పవలసివచ్చే పరిస్థితి ఉన్నవారు, ఆ మాటను దాచి మొదటి ఔనును సంపాదించరాదు. కోరికను చిన్నది చేయడం వేరు, అసలు కోరికను దాచడం వేరు. మొదటిది మర్యాద, రెండవది ఎర.

పది రోజులు చూసి జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తు చేయడంలో తప్పు లేదు. అదే లేఖకు క్రింద, అదే ప్రశ్నను ఒక్క వాక్యంలో తిరిగి వ్రాస్తే చాలు. "నా లేఖ చూసినారా?" అని అడిగితే అది మరొక ప్రశ్న అవుతుంది, పాత లేఖను వెదికి చదువవలసిన పని కూడ అతనికి పడుతుంది. గుర్తు చేసే లేఖలో క్రొత్త కోరిక ఏదీ చేర్చరాదు. రెండవసారికీ మౌనమే అయితే మరొకరికి వ్రాయాలి. జవాబు వచ్చినట్లయితే, దానివల్ల ఏమి తేలినదో రెండు వాక్యాలలో తెలుపాలి. "మీరు చెప్పిన మూడవ అంకె ప్రకారం ఫలకాన్ని 1721-22 నాటిదిగా నిర్ణయించినాను" అని వ్రాసిన విద్యార్థిని, ఆ తరువాత ఎన్నడైనా మరొక ప్రశ్న అడిగితే, ఆమె ఇక అపరిచితురాలు కాదు.

ఈ పద్ధతికి పరిమితులున్నవి. మంచి లేఖ వ్రాసినంత మాత్రాన అందరూ జవాబు వ్రాస్తారని నేను చెప్పడం లేదు. కొందరు వ్రాయరు. కాని లేఖ స్పష్టంగా ఉన్నప్పుడు మౌనానికి మన తప్పు కారణం కాదని తెలుస్తుంది. ఆ తెలివిడి చిన్నది కాదు. నగరాలలోని విద్యార్థికి లేఖకు జవాబు రాకపోతే, తండ్రి స్నేహితుడో, పినతండ్రి తోటి ఉద్యోగో ఉంటాడు. మన మదనపల్లె, పుంగనూరు, కుప్పం పిల్లలలో ఎక్కువమందికి ఆ వైపు తలుపులు లేవు. ఇంట్లో మొదటిసారి కళాశాల మెట్లెక్కిన పిల్లకు అపరిచితునికి వ్రాసే లేఖ ఒక్కటే తలుపు. అటువంటి తలుపును అస్పష్టమైన మాటలతో మనమే మూసికొనరాదు.

పరీక్షలలో నేటికీ మనం "విహారయాత్రను వర్ణిస్తూ మిత్రునికి లేఖ" వ్రాయిస్తున్నాము. మిత్రునికి ఎట్లా వ్రాసినా జవాబు వస్తుంది. అపరిచితునికి వ్రాసే లేఖనే నేర్పవలసి ఉన్నది. అది తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు శాఖలు మూడూ కలిసి నేర్పదగిన పని అని నా అభిప్రాయం. అంతవరకు ఆగవలసిన అవసరం లేని పరీక్ష ఒకటి విద్యార్థుల చేతిలోనే ఉన్నది. పంపడానికి ముందు మీ లేఖను ఆ విషయం తెలియని తోటి విద్యార్థికి ఒక్కసారి చదివి వినిపించి, "ఇతడు నన్ను ఏమి చేయమంటున్నాడు?" అని అడిగి చూడండి. ఒక్క వాక్యంలో చెప్పగలిగితే పంపండి. చెప్పలేకపోతే లేఖను గాక, మీ కోరికను తిరిగి దిద్దుకోండి.